పిల్లల ఎత్తుకు ఏది మేలు: అదనపు ఆహారమా, మరుగుదొడ్డా?

ముందు వంశం సంగతి తేల్చేద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో విడుదల చేసిన ఎదుగుదల ప్రమాణాల కోసం ఆరు నగరాల్లో పిల్లల్ని కొలిచారు. వాటిలో ఢిల్లీ కూడా ఉంది. అక్కడ కలిగిన ఇళ్లలో, తల్లిపాలతో పెరిగిన పిల్లలు ఎత్తులో నార్వే పిల్లలకు దాదాపు సమానంగా వచ్చారు. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో అయిదేళ్లలోపు పిల్లల్లో 35.5 శాతం మంది వయసుకు తగిన ఎత్తు లేరు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలోనూ మూడో వంతుకు అటూఇటూగానే ఉన్నారు.

ఇక మిగిలినవి తిండి, పరిసరాలు. పరిసరాల పక్షం వాదన బలమైనదే. మలంలోని క్రిములు పదే పదే కడుపులోకి వెళితే విరేచనాలు కాకపోయినా పేగు లోపలి పొర దెబ్బతింటుంది. తిన్నది సరిగా ఒంటబట్టదు.

2018లో ఫలితాలు వెలువడిన బంగ్లాదేశ్ ప్రయోగం ఈ రెంటినీ పక్కపక్కన నిలబెట్టింది. కొన్ని ఇళ్లకు మంచినీరు, మరుగుదొడ్డి, చేతుల శుభ్రత అందించారు. కొన్నిచోట్ల ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజూ 118 కేలరీలిచ్చే పోషక ముద్ద పెట్టి, తల్లులకు సలహాలిచ్చారు. శుభ్రత వల్ల విరేచనాలు తగ్గాయి, ఎత్తు మాత్రం పెరగలేదు. ముద్ద వల్ల పెరిగింది. రెండూ కలిపి ఇస్తే అదనంగా వచ్చిందేమీ లేదు. అయితే రెండేళ్ల వయసుకు ఆ లాభం సెంటీమీటరు కూడా లేదు. ప్రమాణంతో పోలిస్తే ఏ సాయమూ అందని పిల్లల లోటు అయిదు సెంటీమీటర్ల పైమాటే.

కాబట్టి పోటీలో గెలిచింది ఆహారమే, కానీ బొటాబొటిగా. శుభ్రత దండగ అనడమూ తొందరపాటే. ఇంటింటికీ దొడ్డి కట్టినంత మాత్రాన వాకిట్లో కోళ్ల రెట్ట, పక్కింటి మురుగు పోవు కదా.

తిండి ఎప్పుడు మొదలుపెట్టాలన్నది నాకు ఇంతకంటే పెద్ద ప్రశ్న. 1987-90 మధ్య హైదరాబాద్ దగ్గరి కొన్ని పల్లెల్లో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు అంగన్‌వాడీ ఆహారం అందింది, పొరుగు పల్లెలకు అప్పటికి రాలేదు. ఆ పిల్లల్ని కౌమారంలో కొలిస్తే, ఆహారం అందిన ఊళ్లవారు సగటున 14 మిల్లీమీటర్లు పొడవున్నారు. చీటీ తీసి ఎంచిన ఊళ్లు కావు, టీకాల వంటి ఇతర సేవలూ తోడయ్యాయి. అందువల్ల మొత్తం ఘనత తిండిదే అనలేం. అయినా అది గర్భం నాటి నుంచే మొదలైందన్నది గమనించాలి. బక్కపలచని తల్లికి తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ ఆరో నెలకే వెనకబడి ఉంటుంది. అప్పుడు పెట్టే ముద్ద ఆ లోటునంతా తీర్చలేదు.

అంగన్‌వాడీకి ఒకే పూట డబ్బుంటే గర్భిణికి అక్కడే కూర్చోబెట్టి గుడ్డు, పాలతో భోజనం పెట్టడమే నా ఓటు. ఇంటికి పంపిన పొట్లాన్ని ఇంటిల్లిపాదీ పంచుకుంటారు.