ఈస్ట్ ఫేసింగా, వెస్ట్ ఫేసింగా: కర్నూలు ఎండకు ఏ ఫ్లాటు మేలు?

"ఈస్ట్ ఫేసింగ్ దొరకలేదు, వెస్ట్ తీసుకోవచ్చా?" మొదటిసారి ఫ్లాటు కొనేవాళ్ల నుంచి మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్న ఇది. తీసుకోవచ్చు. కర్నూలు, అనంతపురం, కడప ఎండలకు చాలా బిల్డింగుల్లో అదే మేలు కూడా.

ఫేసింగ్ అంటే గుమ్మం చూసే దిక్కు. సొంతింటి గుమ్మం వీధిలోకి తెరుచుకుంటుంది కాబట్టి తూర్పు వాకిలికి తూర్పు వెలుతురు వస్తుంది. ఫ్లాటు గుమ్మం కారిడార్‌లోకి తెరుచుకుంటుంది. ఉత్తరం నుంచి దక్షిణానికి కారిడార్, దానికి రెండు పక్కలా ఫ్లాట్లు ఉన్నాయనుకోండి. తూర్పు గుమ్మం ఫ్లాటు కారిడార్‌కు పడమట ఉంటుంది. దాని బాల్కనీ, పెద్ద కిటికీలు పడమటికే పెట్టాలి, వేరే దారి లేదు. పడమటి గుమ్మం ఫ్లాటుకు ఇదంతా తిరగేసి వస్తుంది.

ముందు ఈస్ట్ ఫేసింగ్‌లోకి నడుద్దాం. హాలు దాటి బాల్కనీలోకి వస్తే మధ్యాహ్నం మూడు నుంచి పొద్దుగూకేదాకా ఎదురెండ. పైఅంతస్తు బాల్కనీ స్లాబు నడినెత్తి ఎండను ఆపుతుంది కానీ, వాలి వచ్చే సాయంత్రపు ఎండను ఆపలేదు. వాస్తు ప్రకారం పెద్ద బెడ్‌రూమ్ నైరుతిలో ఉంటుంది, అంటే పడమటి గోడ పక్కనే. సాయంత్రం కాగిన ఆ గోడ రాత్రంతా లోపలికి వేడి వదులుతుంది. ఏసీ వేసినా గది చల్లబడడానికి చాలాసేపు పడుతుంది. వంటగది ఆగ్నేయంలో, కారిడార్ పక్కకు వస్తుంది. మధ్య ఫ్లాటయితే దాని కిటికీ కారిడార్‌లోకో, డక్ట్‌లోకో తెరుచుకుంటుంది. పట్టపగలు లైటు వేసుకోవాలి, మిరపకాయల తాలింపు పెడితే అంతస్తంతా దగ్గుతుంది.

ఇప్పుడు ఎదురుగా ఉన్న వెస్ట్ ఫేసింగ్. బాల్కనీలో పొద్దుటి ఎండ పడుతుంది, మధ్యాహ్నం నుంచి నీడే. ఆగ్నేయపు వంటగదికి బయటి గోడ, తూర్పు కిటికీ దొరుకుతాయి. పక్కనే యుటిలిటీ ఉంటే గిన్నెలకు, బట్టలకు వెలుతురూ గాలీ. లోపం ఒక్కటే, అది చిన్నది కాదు: నైరుతి బెడ్‌రూమ్ కారిడార్ పక్కకు వస్తుంది. మధ్య ఫ్లాటులో ఆ కిటికీ తీస్తే పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ మంచం చూస్తారు. ఈశాన్యపు గదిలో పడుకుందామంటే ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోరు. అందుకే వెస్ట్ ఫేసింగ్ తీసుకునేవాళ్లు దక్షిణం చివరి ఫ్లాటు అడగాలి. దాని నైరుతి గదికి దక్షిణపు కిటికీ వస్తుంది.

సామాన్ల చోటు విషయంలో రెండింటికీ పెద్ద తేడా లేదు. అయినా టేపు వెంట పెట్టుకోండి. పది అడుగుల వెడల్పు గదిలో ఆరున్నర అడుగుల మంచం, ఎదురుగా రెండడుగుల లోతు వార్డ్‌రోబ్ పెడితే మిగిలేది అడుగున్నర. తలుపు పూర్తిగా తెరుచుకోదు, స్లైడింగ్ చేయించాలి. అటకలు, వంటగది అరలు కడప బండతో బిల్డరే వేస్తాడా, మీరే చేయించుకోవాలా అన్నది బేరంలోనే తేల్చుకోండి.

ఇక డబ్బు. ఒకే అంతస్తులో 1,200 చదరపు అడుగుల ఫ్లాట్లు రెండు, ఇంకా కడుతున్నవి. అడుగు 3,500 చొప్పున ధర 42 లక్షలు, పార్కింగ్ 2 లక్షలు అనుకుందాం. వెస్ట్ ఫేసింగ్ 44 లక్షలు. ఈస్ట్‌కు అడుగుకు వంద ఎక్కువంటే 45.2 లక్షలు. తేడా లక్షా ఇరవై వేలేనని అనిపిస్తుంది. కానీ మన ఊళ్లలో కార్పెట్ ఏరియా 90 చదరపు మీటర్లలోపు, మొత్తం ధర 45 లక్షలు దాటకుండా ఉంటేనే జీఎస్టీ 1 శాతం. దాటితే 5 శాతం. ఆ మొత్తంలో పార్కింగ్, ఫేసింగ్ డబ్బులు కూడా కలుస్తాయి. వెస్ట్‌కు జీఎస్టీ 44 వేలు, ఈస్ట్‌కు 2 లక్షల 26 వేలు. గుమ్మం దిక్కు కోసం పెట్టేది మొత్తం మూడు లక్షల పైమాటే. బిల్డింగ్ పూర్తయి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే మొదటి రూపాయి కట్టి కొంటే జీఎస్టీ ఉండదు. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం మాత్రం రెండింటికీ తప్పదు.

నార్త్ ఫేసింగ్ ఫ్లాటుకు కిటికీలు దక్షిణానికి వస్తాయి, ఫర్వాలేదు. సౌత్ ఫేసింగ్ చవగ్గా దొరుకుతుంది, అమ్మేటప్పుడూ చవగ్గానే పోతుంది.

నాలుగైదేళ్లలో అమ్మే ఆలోచన ఉంటే ఈస్టే తీసుకోండి, కొనేవాళ్లు తొందరగా దొరుకుతారు. పడమటి పక్క ఎత్తైన బిల్డింగ్ నీడ పడుతుంటే ఈస్ట్‌తో ఇబ్బంది లేదు. అది తెలియాలంటే ఫ్లాటు చూడడానికి పొద్దున వెళ్లకండి. పొద్దున అన్నీ చల్లగానే ఉంటాయి. సాయంత్రం నాలుగింటికి వెళ్లి, ఫోన్‌లో దిక్సూచి తెరిచి గుమ్మం దగ్గర కాకుండా బాల్కనీలో నిలబడి చూడండి. రాత్రి ఎనిమిదికి మళ్లీ వెళ్లి నైరుతి గది పడమటి గోడ మీద అరచెయ్యి ఆనించండి. ఇంకా గోడలు లేవలేదంటే ప్లాన్ కాగితం మీద ఉత్తరం బాణం చూసి, ప్రతి కిటికీ పక్కనా దిక్కు రాసుకోండి.