బంగారం లండన్‌లో ఉంచాలా, సొంత ఖజానాకు తెచ్చుకోవాలా?

2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలైన కొద్ది రోజులకే రష్యా కేంద్ర బ్యాంకు విదేశీ నిల్వల్లో దాదాపు 300 బిలియన్ డాలర్లు స్తంభించిపోయాయి. అవన్నీ బాండ్లు, డిపాజిట్లు. పెద్ద వాటా బ్రస్సెల్స్‌లో బాండ్లను భద్రపరిచే సంస్థ యూరోక్లియర్ ఖాతాల్లో ఉంది. అక్కడ "బదిలీ చేయవద్దు" అంటే చాలు, డబ్బు ఆగిపోతుంది. రష్యా దగ్గరున్న సుమారు 2,300 టన్నుల బంగారం మాత్రం దేశంలోనే ఉంది కాబట్టి దాన్ని ఎవరూ పట్టుకోలేకపోయారు. అప్పటి నుంచి చాలా ప్రభుత్వాలు తమ బంగారం ఎక్కడుందని ఆరా తీయడం మొదలుపెట్టాయి.

బంగారమైతే చాలదు, అది ఎక్కడుందన్నదే అసలు సంగతి. వెనిజులా ఉదాహరణ చూడండి. ఆ దేశానికి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండ్‌లో సుమారు 31 టన్నుల బంగారం ఉంది. 2018లో మదురో ప్రభుత్వం తిరిగి ఇమ్మంటే రాలేదు. మరుసటి ఏడాది బ్రిటన్ అక్కడి ప్రతిపక్ష నేత గ్వాయిడోను అధ్యక్షుడిగా గుర్తించడంతో, ఆ బంగారం మీద హక్కు ఎవరిదన్నది లండన్ కోర్టుల్లో తేలాల్సిన వ్యవహారమైంది. కడ్డీలు ఎక్కడికీ పోలేదు. సొంతదారు మాత్రం వాటిని ముట్టుకోలేకపోయాడు.

అలాగని లండన్ పనికిరాదనలేం. బంగారానికి పెద్ద మార్కెట్ అక్కడే ఉంది. ఒక్కో కడ్డీ సుమారు పన్నెండున్నర కిలోలు. అది ఖజానాలో ఉన్నచోటే ఉంటుంది, ఖాతాలో పేరు మారుతుంది, అమ్మకం పూర్తవుతుంది. తాకట్టు పెట్టడమూ అంతే సులువు. 1991లో డాలర్లు అడుగంటినప్పుడు భారత్ ఏం చేసిందో గుర్తు తెచ్చుకోండి: రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నులను విమానాల్లో పంపి, వాటి మీద అప్పు తెచ్చింది. ఇంట్లో ఉన్న బంగారం అక్కరకు రావడానికి ముందు ప్రయాణం చేయాల్సి వచ్చింది. పైగా లండన్ మార్కెట్ గుర్తించిన ఖజానాలు దాటి బయటికొచ్చిన కడ్డీని మళ్లీ ఆ మార్కెట్‌లోకి తీసుకెళ్లాలంటే స్వచ్ఛత పరీక్ష తప్పదు, కొన్నిసార్లు మళ్లీ కరిగించాలి కూడా.

సొంత ఖజానా జప్తును ఆపుతుంది, అంతే. అమ్మకానికి హామీ ఇవ్వదు. 2022 మార్చిలో లండన్ బులియన్ మార్కెట్ సంఘం బంగారం శుద్ధి చేసే ఆరు రష్యా సంస్థలను తన ఆమోదిత జాబితా నుంచి సస్పెండ్ చేసింది. వాటి కొత్త కడ్డీలకు ఆ తలుపు మూసుకుపోయింది. కొనేవాళ్లు దొరికినా బేరం వాళ్ల చేతిలోకి వెళ్తుంది.

నన్నడిగితే, ముందు ఏ ఆపదకు భయపడుతున్నారో తేల్చుకోవాలి. పాశ్చాత్య దేశాలతో తగువు వచ్చే అవకాశం ఉంటే ఎక్కువ భాగం ఇంటికే తెచ్చుకోవాలి, ఆ ఖర్చు భరించాల్సిందే. దిగుమతులకు డాలర్లు చాలకపోవడమే అసలు భయమైతే, కొన్ని నెలల బిల్లులకు తాకట్టు పెట్టగలిగేంత లండన్‌లో వదిలి మిగతాది తెచ్చుకోవడం మేలు. అదీ తగువు మొదలవకముందే తెచ్చుకోవాలి. చావెజ్ హయాంలో వెనిజులా 2011-12లో సుమారు 160 టన్నులు ఇంటికి తెచ్చుకోగలిగింది. ఆగిపోయింది ఆ తర్వాత లండన్‌లో మిగిలిందే.