వేగం పాటలో అనుప్రాస: అక్షరమక్షరానికీ వేయాలా, తాళం పడే చోటే వేయాలా?

పోయిన సంక్రాంతికి మా కోలాటం పిల్లల కోసం ఒక పాట రాశాను. చెరువు మీద గాలి వీస్తుంటే అలలు వరసగా వచ్చే దృశ్యం అది. ఒక పంక్తి ఇలా వచ్చింది:

చెరువుల నురగల తరగల వరుసలు

పదహారు అక్షరాలు, అన్నీ లఘువులే. నాలుగేసి చొప్పున నాలుగు గణాలు, గణానికి ఒక దెబ్బ. రాసిన రోజు చాలా సంతోషపడ్డాను. చదివితే నీళ్ల మీద నీళ్లు దొర్లుతున్నట్టే ఉంది. మెట్రోనోమ్ నిమిషానికి 90 దెబ్బల మీద పెట్టి పాడిస్తే పిల్లలూ బాగానే పాడారు. ఆట ఊపందుకుని 110కి చేరేసరికి మాత్రం పంక్తి విరిగిపోయింది. ఒకరు ‘చెలువుర’ అంటున్నారు, ఇంకొకరు ‘తలగర’ అంటున్నారు. ‘అక్కా, నోట్లో ర, ల కలిసిపోతున్నాయి’ అంది ఒక పాప. ఆ పాప చెప్పింది అక్షరాలా నిజం. పంక్తిలోని నాలుగు గణాల్లోనూ రెండో అక్షరం ర, చివరి అక్షరం ల. నేను అందం అనుకున్నదే పాడేవాళ్ల కాళ్లకు అడ్డం పడింది.

అక్కడి నుంచి అదే తాళానికి, అదే లెక్కకు ఇంకో రెండు పంక్తులు రాసి మూడింటినీ పక్కపక్కన పెట్టి పాడించాను. మొదటిది పైన ఉన్నదే. రెండోది ఒకే అక్షరం పదేపదే తగిలేది:

తడితడి పుడమిని విడివడి పడు సడి

మూడో పంక్తిలో అనుప్రాసను గణం మొదటి అక్షరానికే ఉంచి, మిగతా మూడక్షరాలను వాటి మానాన వదిలేశాను:

కదిలెను కెరటము కుదుపుల కొలనున

ఏది మేలో చెప్పే ముందు నోరు ఎంత వేగం తట్టుకుంటుందో చూడాలి. నిమిషానికి 110 దెబ్బలు, దెబ్బకు నాలుగక్షరాలు అంటే సెకనుకు ఏడు అక్షరాలకు పైనే. స్పీచ్ థెరపిస్టులు నోటి కదలికను పరీక్షించడానికి ‘పపప’, ‘తతత’, ‘కకక’, ‘పటక పటక’ అని వీలైనంత వేగంగా అనమంటారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు సుమారుగా సెకనుకు అయిదు నుంచి ఏడు వరకు అనగలరు. అందులోనూ క కొంచెం వెనకబడుతుంది, ఎందుకంటే నాలుక వెనక భాగం కొస కంటే బరువు. అంటే మా పాట 110 దగ్గర నోటి హద్దును తాకుతోంది. ఆ హద్దు దగ్గర ఏ అక్షరం పక్కన ఏది ఉందన్న దాని మీదే అంతా ఆధారపడుతుంది.

మృదంగం నేర్చుకునేవాళ్లు నోటితో చెప్పే ‘తకదిమి’ జతులు ఇంత వేగంలోనూ స్పష్టంగా వినిపించడానికి కారణం ఇక్కడే ఉంది. త నాలుక కొసతో పలుకుతుంది, క వెనక భాగంతో పలుకుతుంది. కొస పని చేస్తుండగానే వెనక భాగం తన వంతుకు సిద్ధమవుతుంది. ఇద్దరు మనుషులు రోట్లో ఒకరి తర్వాత ఒకరు రోకలి వేసినట్టు. వేణువు, ట్రంపెట్ వాయించే పాశ్చాత్య సంగీతకారులు కూడా వేగం పెరిగితే ‘తుతుతు’ మానేసి ‘తుకుతుకు’కి మారతారు. వాళ్లు దాన్ని డబుల్ టంగింగ్ అంటారు. ఒక్క కండరంతో అందని వేగాన్ని రెండిటి మధ్య పంచుకోవడమే ఈ కిటుకు.

ఇప్పుడు ర, ల సంగతి చూడండి. రెండూ నాలుక కొసతోనే, పై పళ్ల వెనక దాదాపు ఒకే చోట పలుకుతాయి. ర అంటే కొస ఒక్కసారి తట్టి వెళ్లిపోవాలి. ల అంటే కొస ఆనించి ఉంచి పక్కల నుంచి గాలి వదలాలి. పని ఒకే అవయవానిది, చోటూ ఒక్కటే, తీరు మాత్రం వేరు. పంచుకోవడానికి రెండో మనిషి లేడు, పైగా ఉన్న ఒక్కడికీ ఏ పని ముందో గందరగోళం. చిన్నప్పుడు అందరం తడబడిన ‘ఎర్ర లారీ, తెల్ల లారీ’ రహస్యం ఇదే. దాంతో పోలిస్తే ‘కాకీక కాకికి కాక కుక్కకా’ వేరే జాతి. అందులో ఉన్న హల్లు క ఒక్కటే, కాబట్టి తారుమారు కావడానికి ఏమీ లేదు. వేగం పెంచితే నాలుక వెనక భాగం అలిసి క మెత్తబడి గలాగా వినిపిస్తుంది, అంతే. నోరు తిరగని మాటలన్నీ ఒక్కలాంటివే అనుకుంటాం గానీ, మొదటిది తికమక పెడుతుంది, రెండోది అలసట పెడుతుంది. పాట రాసేవాళ్లు ఎక్కువ భయపడాల్సింది తికమకకే. అలిసిన క ఇంకా అర్థమవుతుంది, ‘చెలువుర’ ఎవరికీ అర్థం కాదు.

మా రెండో పంక్తి, డ పంక్తి, నన్ను ఆశ్చర్యపరిచింది. డ బరువైన అక్షరం కదా, నాలుక మడవాలి కదా, ఇదే ముందు తడబడుతుందనుకున్నాను. పిల్లలు 110లో కూడా దాదాపు శుభ్రంగా పాడారు. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. తెలుగులో రెండు అచ్చుల మధ్య వచ్చే డను మనం గట్టిగా అదిమి పలకం, నాలుకను మడిచి ఒక్కసారి తట్టి వదిలేస్తాం. అది చాలా పొట్టి కదలిక. పైగా ఆ పంక్తిలో డకు ముందు త, ప, వ, స మారుతూ వచ్చాయి, అంటే చాలాచోట్ల పెదాలకూ నాలుకకూ పని పంచినట్టయింది. పోతన గజేంద్ర మోక్షంలో లక్ష్మీదేవి అడుగు వేయాలా వద్దా అని తటపటాయించే పద్యం ‘అడిగెదనని కడువడి జను’ అని మొదలవుతుంది. ఆ ముక్కలో పన్నెండు అక్షరాలూ లఘువులే, డ తట్టుతూ పోతుంది. అర్థం తడబాటు గురించి అయినా నాలుక తడబడదు. చదివే ప్రతిసారీ నాకు ఆ పనితనం మీద గౌరవం పెరుగుతుంది.

మరి డ పంక్తినే ఎందుకు ఉంచుకోలేదంటే, అది ఒక్కరు పాడితేనే బాగుంది. పన్నెండు మంది కలిసి పాడితే ఒక్కొక్కరి డ ఒక్కో క్షణంలో తగిలి, గింజలు పోసినట్టు ఒకటే చప్పుడైంది. మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోందో వినేవాళ్లకు అందలేదు. హాలు వెనక కూర్చున్న ఒక పిన్నిగారిని విన్నది విన్నట్టు రాయమన్నాను. ‘తడితడి’ అని రాసి, తర్వాత గీత గీసి, చివర ‘సడి’ అని రాశారు.

మూడో పంక్తికి ఆవిడ రాసింది పూర్తిగా సరిపోయింది. అందులో క సరిగ్గా కర్ర తగిలే క్షణంలోనే వస్తుంది. పరుషం కాబట్టి గాలి తెగినట్టు వినిపిస్తుంది, పన్నెండు మందికీ కలుసుకునే చోటు దొరుకుతుంది. లోపలి అక్షరాల్లో ద, ల, న, ర, ట, మ, ప ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం నాదం తెగని అక్షరాలు కాబట్టి రాగం కూడా సాగుతుంది. జతులు నోటితో చెప్పేటప్పుడు పరుషాలు ఎన్ని ఉన్నా పరవాలేదు, అక్కడ శ్రుతితో పనిలేదు. పాటలో మాత్రం పరుషం పలికిన ప్రతిసారీ గొంతు ఒక్క క్షణం ఆగుతుంది. దెబ్బకు ఒక్క పరుషం అయితే అది తాళం. నాలుగూ పరుషాలే అయితే రాగం చిల్లులు పడుతుంది.

ఈ మూడు పంక్తుల్లోనూ ఉన్న ఇంకో చిక్కు హల్లులది కాదు, అచ్చులది. మన మాటలన్నీ దాదాపు అచ్చుతో ముగుస్తాయి, కానీ మాట్లాడేటప్పుడు మధ్యలోని పొట్టి అచ్చులను మింగేస్తాం. ‘నురగలు’ ఇంట్లో ‘నుర్గలు’ అవుతుంది. వేగం పాటలో ముందు పోయేది అదే. ఒక్క అచ్చు మింగితే ఒక అక్షరం తగ్గుతుంది, పాడేవాళ్లు తెలియకుండానే దెబ్బ కంటే ముందుకు వెళ్లిపోతారు. తాళం తప్పారని తిడతాం గానీ అసలు తప్పింది అచ్చు. పట్టుకోవడం సులువే. ఫోన్‌లో రికార్డు చేసి సగం వేగంలో వినండి, వేళ్ల మీద అక్షరాలు లెక్కపెట్టండి. పదహారు రావాలి. మా మొదటి పంక్తిలో పద్నాలుగే వచ్చాయి, ‘నుర్గల తర్గల’ అని.

దిద్దడానికి రెండు దారులు చూశాను. మెల్లగా మొదలుపెట్టి మెట్రోనోమ్‌ను నాలుగేసి దెబ్బలు పెంచుతూ పోవడం ఒకటి. మొదటి నుంచే పూర్తి వేగంలో ఒక్క గణం పాడి, రెండు దెబ్బలు ఆగి, మళ్లీ ఇంకో గణం పాడటం రెండోది. వరస గుర్తుండటానికి మొదటిదే మంచిది. స్పష్టతకు మాత్రం నాకు రెండోదే పనిచేసింది. మెల్లగా పాడేటప్పుడు నోరు ప్రతి అక్షరానికీ విడిగా తెరుచుకుంటుంది. వేగంలో ఆ తీరిక ఉండదు, ఒకటి ముగియక ముందే రెండోదానికి సిద్ధమవ్వాలి. ఆ చిన్న కదలిక వేగంలోనే అలవాటవుతుంది. ‘కదిలెను’, ఆగు, ‘కెరటము’, ఆగు. నాలుగూ విడిగా కుదిరాక రెండేసి కలిపాం. మూడు సాయంత్రాలు పట్టింది.

చివరికి పాటలో మూడో పంక్తినే ఉంచాను. అయితే నాలుగుసార్లు వరసగా పాడాక పిల్లలకు ఊపిరి అందలేదు. గెంతుతూ పాడుతున్నారు కదా, అరవై నాలుగు లఘువుల్లో గాలి పీల్చుకునే సందు ఒక్కటీ లేదు. నాలుగోసారి మాత్రం ‘కొలనున’ తీసేసి ‘కొలనే’ అని మార్చాను. మాత్రలు అవే నాలుగు, అక్షరాలు మూడు. ఆ దీర్ఘాన్ని కాస్త ముందే వదిలేసి గాలి పీల్చుకుంటారు, వినేవాళ్లకు తేడా తెలియదు. డ పంక్తిని పారేయలేదు. గొంతు గట్టిగా ఉన్న ఒక పాప చేత మధ్యలో ఒంటరిగా పాడించాం, మిగతావాళ్లు కర్రలు మాత్రమే తాటించారు. మొదటి పంక్తి నిమిషానికి 70 దెబ్బల్లో, ఆట మొదలవకముందు అందరూ వలయంలో నడిచివచ్చేటప్పుడు వినిపిస్తుంది. ఆ వేగంలో ర, ల రెండూ దేనికది నిలబడతాయి.