√2 కరణీయ సంఖ్య: సరి-బేసి నిరూపణా, రెండ్లు లెక్కపెట్టే నిరూపణా?

రెండూ విరోధాభాస పద్ధతులే. √2 = p/q అనుకుంటే p² = 2q² వస్తుంది, ఇక్కడి నుంచి దారులు వేరు.

పాఠ్యపుస్తకాల్లో ఉండే పద్ధతిలో p/q కనిష్ఠ రూపంలో ఉందని ముందే అనుకోవాలి. p² సరి సంఖ్య కాబట్టి p కూడా సరి (బేసి వర్గం ఎప్పుడూ బేసే), p = 2k పెడితే q² = 2k², అంటే q కూడా సరే. రెండింటికీ 2 ఉమ్మడి కారణాంకం అయింది, కనిష్ఠ రూపం అన్న మాట అబద్ధమైంది. చాలామంది ఆ కనిష్ఠ రూపం మాటే రాయడం మర్చిపోతారు, అప్పుడు విరోధమే ఉండదు.

రెండో పద్ధతిలో ఆ మాటతో పనే లేదు. ఏ వర్గాన్ని ప్రధాన కారణాంకాలుగా విడగొట్టినా 2 సరిసార్లే వస్తుంది, ఉదాహరణకు 12² = 144లో నాలుగుసార్లు. కాబట్టి p²లో సరిసార్లు, 2q²లో ఒకటి ఎక్కువై బేసిసార్లు, ఒకే సంఖ్యకు రెండూ కుదరవు.

నాకు రెండోదే నచ్చుతుంది, ఎందుకంటే √4కి ఇది ఎందుకు పనిచేయదో వెంటనే కనిపిస్తుంది: 4q²లోనూ 2 సరిసార్లే. మొదటిదాన్ని √4కి గుడ్డిగా వాడి "p² 4తో భాగింపబడితే p కూడా" అంటే తప్పు, p = 2 చూడండి. కాకపోతే రెండోదానికి కారణాంకాల విభజన ఒక్కటే విధంగా ఉంటుందన్న అంకగణిత ప్రాథమిక సిద్ధాంతం కావాలి, మొదటిదానికి సరి-బేసి తెలిస్తే చాలు.