పెస్టో పాస్తాలో జీడిపప్పు: అలర్జీ ఉన్నవాళ్లు జాగ్రత్త

మా చెల్లికి జీడిపప్పు పడదు. చిన్నప్పటి నుంచీ అంతే. పెళ్లి భోజనాల్లో పాయసం, పులావ్ వైపు కన్నెత్తి చూడదు. అలాంటిది గత నెల ఒక శనివారం హైదరాబాద్‌లో ఒక కేఫ్‌లో పెస్టో పాస్తా నాలుగు స్పూన్లు తిని ఆసుపత్రి పాలైంది. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి కేఫ్ పేరు రాయడం లేదు. కానీ ఆ రోజు జరిగినదాన్ని వాళ్లు రిజిస్టర్‌లో ఎలా రాసుకున్నారో చూశాక ఊరుకోబుద్ధి కాలేదు.

మెనూలో ఉన్నవి నాలుగే: బేసిల్, వెల్లుల్లి, ఆలివ్ ఆయిల్, చీజ్. అయినా అనుమానం కొద్దీ చెల్లి వెయిటర్‌ని అడిగింది, నట్స్ ఏమైనా ఉంటాయా, నాకు అలర్జీ అని. "వేయం మేడమ్, పైన చీజ్ మాత్రమే" అన్నాడు. ఆర్డర్‌లో కూడా 'నో నట్స్' అని కొట్టుకున్నాడు. ఆ అబ్బాయి అబద్ధం చెప్పలేదని ఇప్పటికీ నా నమ్మకం. నట్స్ అంటే పైన చల్లేవి అనుకున్నాడు.

అసలు పెస్టో అంటే మన రోటి పచ్చడి లాంటిదే. ఇటలీలో బేసిల్ ఆకులతో పాటు పైన్ గింజలు వేసి నూరతారు. మన దగ్గర చిల్గోజా అని అమ్మేవి ఆ జాతి గింజలే. ధర మండిపోతుంది కాబట్టి చాలామంది ఆ స్థానంలో జీడిపప్పు వేస్తారు, సీసాల్లో రెడీమేడ్‌గా వచ్చే పెస్టోలోనూ వేస్తారు. ఒకసారి నూరాక రంగు చూసి కనిపెట్టలేం, రుచి చూసీ కనిపెట్టలేం.

ప్లేట్ 7:25కి వచ్చింది. రెండు నిమిషాల్లో అంగిలి దురద అంది. ఆ తర్వాత మెడ మీద దద్దుర్లు, పెదవి వాపు. 7:40కి గొంతు బొంగురుపోయింది, వాంతి అయింది. కౌంటర్‌లో ఉన్నాయన "గ్యాస్ అయ్యుంటుంది" అని నిమ్మరసం ఇప్పించాడు. ఇంకొకరు సిట్రిజిన్ మాత్ర తెచ్చారు. ఆ మాత్ర దురదను తగ్గిస్తుందేమో గానీ గొంతు వాపును ఆపలేదు. ఊపిరి అందనప్పుడు పనిచేసేది అడ్రినలిన్ ఇంజెక్షన్, తొడ కండలోకి, వెంటనే. ఆసుపత్రిలో చేసిన మొదటి పని అదే. లక్షణాలు కొన్ని గంటల తర్వాత మళ్లీ తిరగబెట్టొచ్చని ఆ రాత్రంతా అక్కడే ఉంచారు.

మర్నాడు నేను కేఫ్‌కి వెళ్లి రిజిస్టర్ చూపించమన్నాను. కాసేపు నసిగి చూపించారు. "రాత్రి 8 గంటలకు కస్టమర్‌కి నీరసం. ఫుడ్ పాయిజనింగ్ అనుమానం. నీళ్లు ఇచ్చాం. అలర్జీ సంగతి ముందు చెప్పలేదు." పదార్థాల గడిలో మెనూలో ఉన్న ఆ నాలుగు పేర్లే దించేశారు. 8 గంటలకు మేము ఎమర్జెన్సీ గుమ్మంలో ఉన్నాం.

'చెప్పలేదు' అన్న మాట దగ్గర నాకు ఒళ్లు మండింది. నా దగ్గరున్న బిల్లులో 'నో నట్స్' లేదు, ఆ నోట్ బిల్లు మీద పడదట. వంటగదికి వెళ్లే కేఓటీ చీటీ మీద మాత్రం పడుతుంది. పట్టుబట్టి సిస్టమ్‌లోంచి అది మళ్లీ ప్రింట్ తీయించాను. 7:10కి పెట్టిన ఆర్డర్, కిందే 'నో నట్స్'. గిన్నెలు కడిగే కుర్రాడు అడక్కుండానే చెత్తబుట్టలోంచి పెస్టో సీసా తెచ్చి నా చేతిలో పెట్టాడు. నూనె మరకల కింద లేబుల్ మీద పదార్థాల్లో జీడిపప్పు స్పష్టంగా ఉంది. రెండింటికీ ఫోటో తీసుకున్నాను. మేనేజర్ అప్పుడు రిజిస్టర్‌లో ఇంకో లైను చేర్చి సంతకం పెట్టాడు. పాత లైను కొట్టేయలేదు.

మెనూలో అలర్జీ వివరాలు లేవు కదా, అంటే లేనట్టే అనుకోకండి. కేంద్ర లైసెన్స్ ఉన్నవాళ్లు, 10 లేదా అంతకన్నా ఎక్కువ చోట్ల నడిపేవాళ్లు మెనూలో ఆ వివరాలు చూపాలని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 నిబంధనలు చెబుతాయి. మేము వెళ్లినటువంటి చిన్న కేఫ్‌లు ఆ లెక్కలోకి రావు. అందుకే "నట్స్ వేస్తారా" అని కాకుండా "పెస్టో ఇక్కడే నూరతారా, సీసాదా? సీసా ఒకసారి చూపించండి" అని అడగండి. జీడిపప్పు పడనివాళ్లలో చాలామందికి పిస్తా కూడా పడదు, కాబట్టి రెండూ పేరు పెట్టి చెప్పండి. ఏదైనా జరిగితే మనిషిని నడిపించకండి, ఊపిరి ఆడకపోతే తప్ప కూర్చోబెట్టకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. పక్కనున్న ఇంకొకరు కేఓటీ అడిగి ఫోటో తీసుకోవాలి, సీసా చెత్తలోకి వెళ్లకముందే. ఫిర్యాదుకు బిల్లు మీద ఉండే 14 అంకెల లైసెన్స్ నంబర్ కావాలి, మేము దాంతోనే ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో పెట్టాం.

మొన్న అటువైపు వెళ్తూ మెనూ బోర్డు చూశాను. పెస్టో పాస్తా కింద ఇంకా ఆ నాలుగు పేర్లే ఉన్నాయి.