మూడున్నరేళ్ళు ప్రోటీన్ పౌడర్, రెండేళ్ళు రోజూ ఒక మల్టీవిటమిన్: నాకు ఏది పనికొచ్చింది, ఏది రాలేదు

2022 జనవరిలో బెంగళూరు మారతహళ్ళి పీజీలో ఉంటూ జిమ్‌లో చేరాను. చేరిన వారానికే ట్రైనర్ "సార్, మీరు ప్యూర్ వెజ్ కదా, రోజుకు రెండు స్కూప్‌లు లేకపోతే ఏం లాభం ఉండదు" అన్నాడు. అదే నెలలో పాల నుంచి తీసే వే ప్రోటీన్ కిలో డబ్బా, దాంతోపాటు అరవై బిళ్ళల మల్టీవిటమిన్ సీసా కొన్నాను. పౌడర్‌ను 2025 మధ్య వరకు, మల్టీవిటమిన్‌ను రెండేళ్ళు దాదాపు ఆపకుండా వాడాను. మాది గుడ్డు కూడా ముట్టని ఇల్లు. పాలు, పెరుగు మాత్రమే. అందుకని నేను రాసేది శాకాహారులకు ఎక్కువ పనికొస్తుంది.

ముందు పౌడర్ సంగతి. మొదటి ఆరు నెలలు లెక్క లేకుండా తాగాను. తర్వాత నెల్లూరు నుంచి వచ్చిన నా రూమ్మేట్ ఒకరోజు "అసలు నువ్వు తినే తిండిలో ఎంత ప్రోటీన్ ఉందో చూసుకున్నావా?" అని అడిగాడు. ఇద్దరం కూర్చుని ఒక మామూలు రోజు తిండి రాసుకున్నాం. పొద్దున మూడు ఇడ్లీలు, నీళ్ళ సాంబారు: సుమారు 8 గ్రాములు. మధ్యాహ్నం కంచం నిండా అన్నం, పలచటి పప్పు, మజ్జిగ: 15. సాయంత్రం టీ, రెండు బిస్కెట్లు: 3. రాత్రి మూడు చపాతీలు, ఆలుగడ్డ కూర: 11. మొత్తం 37 గ్రాములు.

అప్పుడు నా బరువు 68 కిలోలు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం పెద్దవాళ్ళకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. తిండిలో ఎక్కువ భాగం అన్నం, చపాతీలే అయితే అందులోని ప్రోటీన్ అంత మేలు రకం కాదు కాబట్టి కిలోకు ఒక గ్రాము అనుకోవడం మంచిది. అంటే జిమ్ మాట పక్కన పెట్టినా నాకు 56 నుంచి 68 గ్రాములు కావాలి. నేను తింటున్నది 37. కడుపు నిండుతోంది, బరువు తగ్గడం లేదు, అందుకే లోటు ఉందని నాకు తెలియలేదు. అన్నం ఎక్కువ తినేవాళ్ళకు ఇది బయటికి కనిపించని లోటు.

ఆ పరిస్థితిలో ఒక స్కూప్ నిజంగా నన్ను ఆదుకుంది. నా డబ్బాలో స్కూప్ అంటే 33 గ్రాముల పొడి, అందులో 24 గ్రాముల ప్రోటీన్. 37కు 24 కలిపితే 61. మామూలు మనిషికి కావలసిన హద్దులోకి వచ్చాను. వ్యాయామం చేసిన మర్నాడు ఒళ్ళు నొప్పులు తొందరగా తగ్గడం, పదకొండింటికి ఆకలితో చేతులు వణకడం పోవడం, ఈ రెండు తేడాలు నెలలోపే తెలిశాయి. పీజీ వంటగదిలో మనకు చెయ్యి పెట్టే వీలు లేదు, బయట కొనే తిండిలోనూ ప్రోటీన్ తక్కువే. అలాంటి చోట ఉన్నప్పుడు నేను పౌడర్‌ను మందుగా చూడను, పాలపొడి లాంటి తిండిగానే చూస్తాను. అవసరమే అని గట్టిగా చెబుతాను.

కొనేటప్పుడు నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. రెండో ఏడు ధర సగానికి సగం తక్కువని వేరే డబ్బా తెచ్చాను. ముందు వైపు అదే 24 గ్రాములు రాసి ఉంది. వెనక పదార్థాల జాబితా చదివితే గ్లైసిన్, టారిన్ అనే అమైనో ఆమ్లాలు విడిగా కలిపినట్టు ఉంది. మామూలు పరీక్షలో ప్రోటీన్‌ను నేరుగా కొలవరు, నత్రజని కొలిచి దాన్నుంచి లెక్క కడతారు. ఈ చవక అమైనో ఆమ్లాల్లోనూ నత్రజని ఉంటుంది కాబట్టి అంకె పెరుగుతుంది, కండకు పనికొచ్చేది మాత్రం పెరగదు. మంచి వే అయితే 24 గ్రాముల ప్రోటీన్‌లో లూసిన్ అనే అమైనో ఆమ్లం రెండున్నర గ్రాముల దాకా ఉండాలి. అమైనో ఆమ్లాల పట్టిక అసలు వెయ్యని డబ్బాను నేను మళ్ళీ కొనలేదు. ఇంకొకటి, తక్కువ శుద్ధి చేసిన కాన్సంట్రేట్ రకం వేను పాలల్లో కలుపుకుని తాగితే నాకు కడుపు ఉబ్బరం వచ్చేది. అందులో లాక్టోజ్ అనే పాల చక్కెర మిగిలి ఉంటుంది, పాలది దానికి తోడవుతుంది. నీళ్ళలో కలుపుకోవడం మొదలుపెట్టాక ఆ ఇబ్బంది పోయింది.

2024లో పెళ్ళయ్యాక కుందలహళ్ళిలో ఇల్లు తీసుకున్నాం. సొంత వంటిల్లు వచ్చాక మళ్ళీ అదే లెక్క వేశాను. పొద్దున రెండు పెసరట్లు, అంటే సుమారు 60 గ్రాముల పెసలు: 14 గ్రాములు. ఒక పెద్ద గ్లాసు పాలు: 8. మధ్యాహ్నం అన్నం, గట్టిగా చేసిన ముద్దపప్పు, కప్పున్నర పెరుగు: 21. సాయంత్రం గుప్పెడు వేయించిన పల్లీలు: 8. రాత్రి మూడు చపాతీలు, 40 గ్రాముల మీల్ మేకర్‌తో కూర: 29. పడుకునే ముందు ఇంకో గ్లాసు పాలు: 6. కలిపితే 86 గ్రాములు. కిలో బరువుకు ఒకటిం పావు గ్రాము పైనే. వారానికి నాలుగు రోజులు బరువులెత్తే నాకు ఇది చాలు. స్కూప్ లేకుండా మూడు నెలలు గడిపి చూశాను. ఎత్తే బరువులు తగ్గలేదు, నడుము కొలత పెరగలేదు.

ఇందులో పెద్ద మార్పు తెచ్చినవి రెండే: పప్పు గట్టిగా వండటం, మీల్ మేకర్. ఎండు మీల్ మేకర్‌లో సగం బరువు ప్రోటీనే. నలభై గ్రాములంటే గుప్పెడు ముక్కలు, వేడి నీళ్ళలో నానబెట్టి పిండితే ఇద్దరికి సరిపోయేంత కనిపిస్తాయి. పలచటి పప్పు గరిటెలో గింజ ఎంత ఉందో ఎవరూ చూడరు. మనిషికి 40 గ్రాముల కందిపప్పు తూచి పొయ్యిమీద పెట్టిన రోజే మా ఇంట్లో ఆ సంగతి అర్థమైంది.

ఇక మల్టీవిటమిన్. దీని మీద నాకు మంచి మాట లేదు. రోజూ వేసుకుంటున్నాను కాబట్టి విటమిన్ల సంగతి ఇక చూసుకోనక్కర్లేదని రెండేళ్ళు ధీమాగా ఉన్నాను. 2023 చివర్లో అరికాళ్ళలో చీమలు పాకినట్టు తిమ్మిర్లు మొదలయ్యాయి. కుర్చీలో ఎక్కువసేపు కూర్చోవడం వల్ల అనుకున్నాను. ఆఫీసు హెల్త్ చెకప్‌లో హిమోగ్లోబిన్ 14 ఉంది, అంతా బాగుందని రాశారు. తిమ్మిర్లు తగ్గకపోతే ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ బి12 పరీక్ష రాశారు. 148 వచ్చింది. మామూలుగా మిల్లీలీటరు రక్తంలో 200 పికోగ్రాముల కంటే తక్కువైతే లోటు అంటారు.

"నేను రోజూ బిళ్ళ వేసుకుంటున్నాను కదండీ" అన్నాను. ఆవిడ సీసా తెమ్మని, వెనక ఉన్న సన్నటి అక్షరాలు నాచేత చదివించారు. బి12: 1 మైక్రోగ్రాము. రోజుకు కావలసింది 2.2. ఆ ఒక్క మైక్రోగ్రాములో ఒంటికి పట్టేది సగం. లోటు లేనివాళ్ళకు అది కాస్త తోడు కావచ్చు, అప్పటికే ఖాళీ అయిన నిల్వను నింపలేదు. కాలేయంలో బి12 నిల్వ ఏళ్ళ తరబడి ఉంటుంది కాబట్టి లోటు మొదలయ్యాక కూడా చాలాకాలం బయటపడదు. పీజీలో నేను తాగింది నీళ్ళ మజ్జిగ, నీళ్ళ టీ. పాల నుంచి రావలసింది రాలేదు. పైగా ఎసిడిటీ వచ్చి రెండేళ్ళుగా పొద్దున్నే పాంటాప్రజోల్ వేసుకుంటున్నాను. తిండిలోని బి12 ప్రోటీన్‌కు అతుక్కుని ఉంటుంది, దాన్ని విడదీయడానికి కడుపులో ఆమ్లం కావాలి. ఆ ఆమ్లాన్నే నేను మందుతో తగ్గించుకుంటున్నాను.

మరి హిమోగ్లోబిన్ ఎందుకు పడిపోలేదు? మల్టీవిటమిన్‌లోని ఫోలిక్ ఆమ్లం బి12 లోటు వల్ల వచ్చే రక్తహీనతను కప్పిపెట్టగలదు. రక్తం బాగానే కనిపిస్తుంది, నరాలు మాత్రం దెబ్బతింటూ పోతాయి. ఇది విన్నాక నాకు చాలా భయం వేసింది. నన్ను కాపాడుతుందనుకున్న బిళ్ళ, లోటు తొందరగా బయటపడకుండా చేసి ఉండవచ్చు.

ఆవిడ కొన్ని ఇంజెక్షన్లు, ఆ తర్వాత బి12లోనే ఒక రకమైన మిథైల్‌కోబాలమిన్ 1500 మైక్రోగ్రాముల బిళ్ళ రాశారు. కావలసింది రెండైతే పదిహేను వందలు ఎందుకని అడిగాను. పెద్ద మోతాదులో వేసుకుంటే బి12 ఒంటికి పట్టే మామూలు దారి నిండిపోయాక మిగిలినదాంట్లో నూటికి ఒక వంతు మాత్రం పేగుల్లోంచి దానంతటదే లోపలికి వెళ్తుంది. పదిహేను వందల్లో ఒక వంతు అంటే 15. లోటు తీరడానికి అది సరిపోతుంది. తిమ్మిర్లు పోవడానికి నాలుగు నెలలు పట్టింది. పాంటాప్రజోల్ ఎలా తగ్గించాలో కూడా ఆవిడే చెప్పారు. దాన్ని మనంతట మనం ఒక్కసారిగా మానేస్తే ఆమ్లం ఎగదన్నుకొస్తుంది.

మల్టీవిటమిన్ సీసా అప్పుడే ఆపేశాను. లోటు ఏమిటో పరీక్షలో చూసుకుని ఆ ఒక్కటే సరైన మోతాదులో వేసుకోవడం మేలని నా అనుభవం. డి విటమిన్ విషయంలోనూ ఇదే జరిగింది. పొద్దున తొమ్మిదికి ఆఫీసులోకి వెళ్ళి చీకటి పడ్డాక బయటికొచ్చే ఉద్యోగంలో నా డి విటమిన్ 11కు పడిపోయింది. డాక్టరమ్మ ఎనిమిది వారాలు, వారానికొకటి చొప్పున 60,000 యూనిట్ల సాచెట్లు ఇచ్చారు. తిండితో దాన్ని నింపడం కష్టం, శాకాహారంలో డి విటమిన్ దాదాపు ఉండదు. బి12 అలా కాదు. ఇప్పుడు మేం రోజుకు మనిషికి అరలీటరుకు పైగా పాలు, పెరుగు వాడుతున్నాం. అందులోనే రెండు మైక్రోగ్రాములు దాటుతుంది.

మొన్న సంక్రాంతికి ఊరెళ్తే నాన్న "నాక్కూడా ఆ పొడి ఒక డబ్బా తెచ్చిపెట్టరా, నీరసంగా ఉంటోంది" అన్నారు. ఆయనకు 66 ఏళ్ళు, పదేళ్ళుగా షుగర్ ఉంది. నేను డబ్బా కొనలేదు. ముందు రక్తపరీక్ష చేయించాను. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.8 వచ్చింది, అది ఎక్కువే. కిడ్నీ ఇప్పటికే అలసిపోయి ఉన్న మనిషికి, డాక్టరు లెక్క లేకుండా అదనపు ప్రోటీన్ ఇవ్వకూడదు. బి12 కూడా తక్కువే వచ్చింది. ఆయన వాడే షుగర్ మందు మెట్‌ఫార్మిన్ ఏళ్ళ మీద బి12ను తగ్గిస్తుంది, కిడ్నీ సంఖ్యను చూసి ఆ మందు మోతాదును కూడా డాక్టరు మార్చారు. నాన్నకు ఇప్పుడు బి12 బిళ్ళ మాత్రమే నడుస్తోంది, పప్పు ఎంత తినాలో డాక్టరే చెప్పారు.

నా దగ్గర పౌడర్ ఇప్పటికీ ఒక డబ్బా ఉంది. క్లయింట్ పని మీద పుణె వెళ్ళి రెండు మూడు వారాలు హోటల్ తిండి తినాల్సి వచ్చినప్పుడు, ఒంట్లో బాగోక అన్నం సహించని రోజుల్లో, ఒక స్కూప్ నీళ్ళలో కలుపుకుంటాను. కిలో డబ్బా ఆరు నెలలకు పైగా వస్తోంది. ఇంట్లో ఉన్న రోజుల్లో దాని మూత తియ్యను. బి12, డి మాత్రం ఏటా జనవరిలో ఒకసారి పరీక్ష చేయించుకుంటున్నాను.