లా ఫర్మ్ వెబ్‌సైట్‌కి ప్రొఫైల్ బయటవాళ్ళతో రాయించుకుంటున్న అడ్వకేట్లు ఒక్కసారి ఇది చదవండి ప్లీజ్

నిన్న సాయంత్రం నుంచి ఇదే పని మీద ఉన్నా, ఇంకా కోపం తగ్గలేదు, రాతలో తప్పులుంటే ఏమనుకోకండి. ఫ్రీలాన్స్ సైట్‌లో ‘లాయర్ ప్రొఫైల్స్ మాత్రమే రాస్తాం’ అని పెట్టుకుని, ఎన్‌రోల్ అయిన ప్రతి ఒక్కరికీ మెసేజ్ కొట్టే టీమ్ ఒకటుంది కదా, మీలో చాలామందికి వచ్చే ఉంటుంది. వాళ్ళే. కంప్లయింట్ పెట్టాను, అది తేలేదాకా పేరు రాయను.

మాది ముగ్గురం కలిసి నడుపుకునే చిన్న ఫర్మ్. వెబ్‌సైట్‌కి నా ప్రొఫైల్ పేజీ ఒక్కటే మిగిలింది, కోర్టు పనుల్లో రాసే తీరిక లేక వాళ్ళకిచ్చాను. సీవీ పంపా, ఫోన్లో ఒక అరగంట మాట్లాడా. ‘మీ క్లయింట్లు మీ గురించి ఎలా మాట్లాడతారో ఒకటి చూపించండి మేడమ్, మాకు టోన్ తెలియడానికి అంతే, బయట పెట్టం’ అన్నారు. నేను ఒక క్లయింట్ పంపిన థాంక్స్ మెసేజ్ పేరు తీసేసి ఫార్వర్డ్ చేశాను. అక్కడే నా బుద్ధి గడ్డి తింది. పేరు తీసేస్తే చాలనుకున్నాను. డ్రాఫ్ట్ వచ్చిన రోజు కేసు పిలుస్తారని కోర్టు హాలు బయట నిలబడి ఫోన్లో మొదటి రెండు పేరాలు చూసి ఓకే అనేశాను. అదీ నా తప్పే, ఎవరి మీదకీ నెట్టను.

నిన్న మధ్యాహ్నం ఆ క్లయింట్ నుంచి ఫోన్. హలో కూడా లేదు. ‘మేడమ్, నా సంగతి నెట్‌లో పెట్టారా?’ అంది. నాకు అర్థం కాలేదు. లింక్ పంపింది. నా ఫోటో కింద, పెద్ద కొటేషన్ గుర్తుల మధ్య, ఆమె మెసేజ్ మక్కీకి మక్కీ ఉంది, కింద ‘ప్రభుత్వ టీచర్, ఒక పాపకి తల్లి’ అని. ఆ టీచరూ పాపా వివరం మెసేజ్ లోపలే ఉంది, నేను పైన పేరు మాత్రమే చెరిపాను. చదివింది ఆమె ఆడపడుచు అట. మెయింటెనెన్స్ కేసు ఇంకా నడుస్తోంది, రేపు అవతలి లాయర్ ఆ పేజీ ప్రింట్ తీసుకొస్తే నేనేం చెప్పాలి? ‘మీకొక్కళ్ళకే చెప్పుకున్నాను మేడమ్ ఆ మాటలు’ అని పెట్టేసింది. తిట్టి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

వెంటనే వాళ్ళకి ఫోన్ చేశా. ఆ అబ్బాయి చెప్పిన జవాబు ఇది, నేను ఒక్క ముక్క కలపలేదు: ‘మేడమ్, మీరు ఓకే అన్నారు, చాట్‌లో ఉంది. టెస్టిమోనియల్ లేకపోతే పేజీకి కాల్స్ రావు. మీ బార్ కౌన్సిల్ రూల్స్ మీరు చూసుకోవాలి, మేం మార్కెటింగ్ వాళ్ళం.’ లాయర్లకి మాత్రమే రాస్తామని చెప్పుకుని డబ్బు తీసుకున్న మనిషి అన్న మాట అది. నా పేజీ తీసెయ్యమంటే రివిజన్ కింద మళ్ళీ డబ్బు కట్టమన్నాడు.

ఇక అప్పుడు కూర్చుని పేజీ మొత్తం మొదటిసారి పూర్తిగా చదివాను. చదువుతుంటే ఒళ్ళు జలదరించింది.

మొదటి లైనే ‘సీనియర్ అడ్వకేట్’. ఇది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. ఫోన్లో మాట్లాడినప్పుడు నేను ‘మా సీనియర్ గారి దగ్గర పని నేర్చుకున్నా, ఇప్పుడు నా దగ్గర ఇద్దరు జూనియర్లున్నారు’ అన్నాను. మన వాడుకలో అది మామూలు మాట, ఎవరి దగ్గర నేర్చుకుంటే వాళ్ళు సీనియర్. కానీ కాగితం మీద సీనియర్ అడ్వకేట్ అంటే అడ్వకేట్స్ యాక్ట్ సెక్షన్ 16 కింద హైకోర్టో సుప్రీంకోర్టో ఇచ్చే హోదా. వాళ్ళు వకాలత్ వెయ్యరు. నేను వారంలో నాలుగు వకాలత్‌లు వేస్తాను. నా పేజీ చూసి రేపు ఎవరైనా నా వకాలత్ పక్కన పెట్టి అడిగితే అబద్ధం నా పేరు మీదే ఉంటుంది, రాసినవాడి పేరు మీద కాదు.

తర్వాత ‘15+ ఏళ్ళ అనుభవం’. నేను ఎన్‌రోల్ అయింది 2016లో. లా కాలేజీ ఐదేళ్ళు కూడా కలిపేశారు. అప్పుడు అర్థమైంది, అసలు ఏళ్ళ లెక్క రాయకూడదు, ఎన్‌రోల్‌మెంట్ తేదీ రాస్తే చాలు, చదివేవాళ్ళు లెక్క వేసుకుంటారు, పేజీ ఎన్నేళ్ళు అలాగే ఉన్నా ఆ తేదీ తప్పు కాదు. ‘వందల కేసుల్లో విజయం’ అని ఇంకోటి. నా దగ్గర అలాంటి లెక్కే లేదు, ఉండదు కూడా, రాజీ అయిన కేసు గెలుపా ఓటమా? కొంత మేరకు డిక్రీ వస్తే దాన్ని ఎటు కలపాలి? నిజంగా లెక్క తీసినా అది చూసి వచ్చే మనిషి తన కేసు కూడా గెలుస్తుందనుకుంటాడు, ఆ మాట ఇచ్చే హక్కు ఏ లాయర్‌కీ లేదు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మాత్రం ఒక నిజమైన లైన్. ‘బార్ అసోసియేషన్ మాజీ జాయింట్ సెక్రటరీ’ అని ఉంది. అయ్యాను, నిజమే, సీవీలో నేనే రాశాను. నిజమైతే పెట్టొచ్చు కదా అని నేనూ ఇన్నాళ్ళూ అనుకున్నాను. రాత్రి బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రూల్ 36 తీసి మళ్ళీ చదివాను. బోర్డు మీద, నేమ్‌ప్లేట్ మీద, లెటర్‌హెడ్ మీద బార్ కౌన్సిల్‌లో గానీ అసోసియేషన్‌లో గానీ ప్రెసిడెంట్, మెంబర్ అని రాయకూడదు, ఫలానా రకం కేసుల స్పెషలిస్ట్ అని రాయకూడదు, గతంలో జడ్జిగానో అడ్వకేట్ జనరల్‌గానో చేశామని కూడా రాయకూడదు. వెబ్‌సైట్‌కి 2008లో ఒక వెసులుబాటు ఇచ్చారు, దాని షెడ్యూల్ చాలా చిన్నది: పేరు, అడ్రస్, ఫోన్, ఈమెయిల్, ఎన్‌రోల్‌మెంట్ నంబరూ తేదీ, మొదట ఏ స్టేట్ బార్ కౌన్సిల్, ఇప్పుడు ఏది, ఏ బార్ అసోసియేషన్‌లో సభ్యత్వం, చదువులు, ప్రాక్టీస్ చేసే ఏరియాలు. ఇచ్చిన సమాచారం నిజమని డిక్లరేషన్ కూడా ఉండాలి. దీనికి మించి కలిపితే రూల్ ఉల్లంఘనే, సెక్షన్ 35 కింద మిస్‌కండక్ట్ అవుతుంది, దాంట్లో మందలింపు నుంచి సస్పెన్షన్, రోల్ నుంచి పేరు తీసెయ్యడం దాకా ఉంది. అంటే నిజమా కాదా అన్నది ఒక ప్రశ్న, పెట్టొచ్చా లేదా అన్నది వేరే ప్రశ్న. రెండూ దాటిన లైనే పేజీలో ఉండాలి. నేను మొదటిది కూడా చూడకుండా ఓకే అన్నాను.

ఫర్మ్ వెబ్‌సైట్ లాగిన్ మా దగ్గరే ఉంది కాబట్టి రాత్రి పదింటికి మొత్తం చెరిపేసి నేనే రాశాను. ఇప్పుడు పేజీలో ఉన్నది ఇంతే: నా పేరు, అడ్వకేట్. ఎన్‌రోల్‌మెంట్ నంబరు, 2016 ఆగస్టు తేదీ. స్టేట్ బార్ కౌన్సిల్ పేరు, బార్ అసోసియేషన్ పేరు. బీఏ ఎల్ఎల్‌బీ, ఎల్ఎల్ఎం, ఏ యూనివర్సిటీ, ఏ ఏడాది. ‘ప్రాక్టీస్ ఏరియాలు: కుటుంబ వివాదాలు, సివిల్ దావాలు, చెక్ బౌన్స్ కేసులు.’ ఆఫీస్ అడ్రస్, ఫోన్, మెయిల్. కింద డిక్లరేషన్. రాయడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఈ ఇరవై నిమిషాల పని బయటవాళ్ళకిచ్చి ఒక క్లయింట్ నమ్మకం పోగొట్టుకున్నాను.

అయిపోయిందనుకుని పడుకోబోతూ గూగుల్లో నా పేరు కొట్టి చూశా. రిజల్ట్‌లో ఇంకా పాత గొప్పలే. పేజీ పాతది చూపిస్తుందేమో అనుకున్నా, కాదు. కంప్యూటర్లో పేజీ తెరిచి Ctrl+U కొట్టి పేజీ వెనకున్న కోడ్ చూస్తే పైన ఇది ఉంది:

```html
<title>Best Divorce Lawyer | 100% Success</title>
<meta name="description" content="Top Senior Advocate. Call now!">
```

పేజీలో కంటికి కనపడదు, సెర్చ్‌లో మాత్రం అందరికీ మొదట కనపడేది అదే. నా ఫోటోకి కోడ్‌లో alt అని ఇచ్చే వివరణలో కూడా ఇలాంటిదే రాశారు. అన్నీ మార్చి గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో ఆ పేజీకి రిమూవల్ రిక్వెస్ట్ పెట్టాను, అది సుమారు ఆరు నెలలు దాచిపెడుతుందంతే, కాబట్టి లోపలి టెక్స్ట్ మార్చకుండా అదొక్కటే చేస్తే మళ్ళీ పైకొస్తుంది.

ఇంకోటి తెల్లారాక బయటపడింది. ఇదే ప్రొఫైల్‌ని, టెస్టిమోనియల్‌తో సహా, ‘బ్యాక్‌లింక్స్’ అని, అంటే వేరే సైట్ల నుంచి మా పేజీకి లింకులు రావడానికి, నాకు చెప్పకుండా నాలుగు లిస్టింగ్ సైట్లలో ఎక్కించారు, రేటింగ్ స్టార్లతో. 2024 జూలైలో మద్రాస్ హైకోర్టు సరిగ్గా ఇలాంటి ఆన్‌లైన్ సైట్ల ద్వారా పనికోసం ప్రకటనలు చేసుకునే లాయర్ల మీద చర్యలు తీసుకోమని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకి చెప్పింది, ఆ రోజు ఆ వార్త చదివి మనకెందుకులే అనుకున్నదాన్ని నేనే. ఆ అకౌంట్లు వాళ్ళ మెయిల్‌తో తెరిచారు కాబట్టి నేను తీయలేను. మూడు సైట్లకి ఐడీ కార్డుతో రాస్తే రెండు తీసేశాయి.

మీరు ఇప్పటికే ఇచ్చేసి ఉంటే ఈ రాత్రికే మూడు చూడండి: పేజీ మొత్తం కంప్యూటర్ మీద చదవండి, Ctrl+U కొట్టి టైటిల్ చూడండి, మీ పేరూ ఫోన్ నంబరూ కలిపి సెర్చ్ చేసి ఇంకెక్కడెక్కడ ఎక్కించారో చూడండి. ఇంకా ఇవ్వకపోతే షెడ్యూల్ ముందు పెట్టుకుని మీరే రాసుకోండి. క్లయింట్ మెసేజ్ మాత్రం పేరు తీసేసినా సరే ఎవరికీ పంపకండి, మనిషిని పట్టించేది పేరొక్కటే కాదు.

క్లయింట్‌కి పొద్దున ఫోన్ చేశా, ఎత్తలేదు. ఎక్కడెక్కడ వచ్చింది, ఎప్పుడు తీశాను, ఇంకా ఎక్కడ మిగిలింది అన్నీ రాసి, వేరే అడ్వకేట్‌ని పెట్టుకోవాలనుకుంటే నో అబ్జెక్షన్ వెంటనే ఇస్తానని కూడా రాసి మెసేజ్ పెట్టాను. చూసినట్టు రెండు నీలం టిక్‌లు వచ్చాయి. జవాబు ఇంకా రాలేదు. మిగిలిన రెండు లిస్టింగ్‌లు ఇది రాస్తున్నప్పటికి కూడా అలాగే ఉన్నాయి.